కొన్న సరుకు, వండిన సరుకు, అమ్మిన ప్లేటు: చిన్న భోజన హోటల్ లెక్క

చిన్న భోజన హోటల్ నడిపేవారి చేతికి రోజూ కూరగాయల చీటీ, వారానికోసారి కిరాణా బిల్లు, రెండు మూడు రోజులకోసారి గ్యాస్ సిలిండర్ రసీదు వస్తాయి. రాత్రికి గల్లాపెట్టెలో నగదు, ఫోన్‌లో యూపీఐ జమలు మిగులుతాయి. వచ్చిన డబ్బులో నుంచి ఇచ్చిన డబ్బు తీసివేస్తే మిగిలేదే లాభమని చాలా హోటళ్లలో అనుకుంటారు. ఆ పద్ధతిలో ఒక నెల మంచి లాభం, మరుసటి నెల నష్టం కనిపించడం మామూలే. వంటలోగాని గిరాకీలోగాని ఏ మార్పూ లేకపోయినా ఇలా జరుగుతుంది. ఒక్క ప్లేటు భోజనానికి నిజంగా ఎంత ఖర్చయింది, అందులో ఎంత మిగిలింది అన్న ప్రశ్నకు ఆ కాగితాల నుంచే సమాధానం రాబట్టగలవారికి హోటళ్లలో, క్యాటరింగ్ సంస్థల్లో, హాస్టల్ మెస్‌లలో పని దొరుకుతుంది. పెద్ద హోటళ్లలో ఈ పనిని ఫుడ్ కాస్ట్ కంట్రోలర్ అనే ఉద్యోగి చేస్తాడు. మధ్యస్థాయి హోటళ్లలో స్టోర్ కీపర్ లేదా పర్చేజ్ అసిస్టెంట్ చేతిలో ఉంటుంది. చిన్న హోటళ్లలో సాధారణంగా ఎవరూ చేయరు. నాలుగైదు హోటళ్ల లెక్కలు ఒకేసారి చూసే పార్ట్‌టైమ్ అకౌంటెంట్‌కు అవకాశం దొరికేది ఆ ఖాళీలోనే.

ఈ పనికి రెండు వైపుల నుంచి అభ్యర్థులు వస్తారు. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ వంటి సంస్థల్లో డిగ్రీ చేసినవారికి వంటగది తెలుసు, కాస్ట్ కంట్రోల్ పాఠంగా చదివి ఉంటారు, బి.కాం చదివినవారికి ఖాతాలు తెలుసుగాని ఒక కిలో బీరకాయల్లో కూరకు పనికివచ్చేది ఎంతో తెలియదు. ఉద్యోగానికి కావలసింది ఈ రెండు జ్ఞానాల కలయిక కాబట్టి, ఎటువైపు నుంచి వచ్చినవారైనా ఒక హోటల్‌కు సంబంధించిన ఒక నెల లెక్కను మొదటి నుంచి చివరిదాకా తమ చేతులతో వేసి చూడడం మేలు. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఒక జిల్లా కేంద్రంలో బస్టాండ్ దగ్గర మధ్యాహ్నం, రాత్రి శాకాహార భోజనం మాత్రమే పెట్టే హోటల్. అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించి వేసుకున్నవే గాని, వాటి నిష్పత్తులు ఇలాంటి హోటళ్లలో కనిపించే తీరులోనే ఉన్నాయి.

ఈ హోటల్ ఆదివారాలు మూసి నెలలో 26 రోజులు పనిచేస్తుంది. రోజుకు సగటున కూర్చుని తినే ఫుల్ మీల్స్ 100, పార్సిళ్లు 20 అమ్ముడవుతాయి. ఫుల్ మీల్స్ ధర ₹100, పార్సిల్ ధర ₹110. నెల మొత్తం మీద 2,600 భోజనాలు, 520 పార్సిళ్లు, అంటే 3,120 ప్లేట్లు అమ్మితే ₹3,17,200 చేతికి వస్తుంది. లెక్కలో మొదటి తప్పు ఇక్కడే దొర్లుతుంది. ఏడాదికి ₹20 లక్షలు దాటిన హోటల్ జీఎస్‌టీ కింద నమోదు కావాలి. రెస్టారెంట్‌కు పన్ను 5 శాతం. బోర్డు మీద రాసిన ₹100లో పన్ను కూడా కలిసి ఉంటే ప్రతి ₹105లో ₹5 ప్రభుత్వానికి చెందినది, హోటల్‌ది కాదు. ఆ ప్రకారం సుమారు ₹15,100 పక్కన పెట్టాలి. మిగిలిన ₹3,02,100 మాత్రమే హోటల్ నికర అమ్మకం. ఇకమీద మార్జిన్ ఎంత శాతమని చెప్పినా దీని మీదే చెప్పాలి.

దీనికి మరో కొస ఉంది. 5 శాతం పన్ను కట్టే రెస్టారెంట్‌కు, తాను కొన్న సరుకుల మీద కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకునే హక్కు, అంటే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, ఉండదు. హోటళ్లు వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధరలో 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. ఆ పన్ను తిరిగి రాదు గనుక సిలిండర్‌కు ఇచ్చిన మొత్తం డబ్బూ వంట ఖర్చే అవుతుంది. బి.కాం అలవాటుతో బిల్లులోని పన్నును వేరే ఖాతాకు మళ్లించేవారు ఈ హోటల్ విషయంలో ఖర్చును తక్కువ చేసి చూపినవారవుతారు.

అమ్మకాల అంకెను గల్లాపెట్టె నుంచి కాకుండా టోకెన్ల నుంచి మొదలుపెట్టడం సరైన పద్ధతి. ఆ రోజు మొదటి టోకెన్ నంబరు, చివరి టోకెన్ నంబరు చూస్తే ఎన్ని ప్లేట్లు వెళ్లాయో తెలుస్తుంది; వాటిని ధరతో గుణిస్తే వచ్చే మొత్తం, నగదు, యూపీఐ, అరువు మూడూ కలిపిన మొత్తంతో సరిపోవాలి. నెలవారీ కూపన్ పుస్తకాలు అమ్మే హోటళ్లలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కూపన్లకు ముందుగా తీసుకున్న ₹3,000 ఆ రోజు అమ్మకం కాదు. ఖాతాదారు ఒక్కో కూపన్ చింపి భోజనం చేసిన రోజునే ఒక్కో ప్లేటు అమ్మకం అవుతుంది. దీన్ని పాటించకపోతే ఒకటో తారీఖున లాభం ఉబ్బిపోతుంది, నెలాఖరున వండిన అన్నానికి అమ్మకమే కనిపించదు.

ఇప్పుడు ఖర్చు వైపు చూస్తే, కిరాణా బిల్లు అత్యంత కీలకమైనది, అందరూ ఎక్కువగా పొరపడేదీ అదే. ఈ హోటల్ ఆ నెలలో బియ్యం, పప్పులు, నూనె, చింతపండు, మిరపకాయలు, పోపుదినుసులు, అప్పడాలు, పచ్చడి సరుకు కలిపి ₹98,600 విలువైనవి కొన్నది. ఆ మొత్తాన్ని 3,120 ప్లేట్లతో భాగిస్తే ప్లేటుకు ₹31.60 వస్తుంది. కానీ బిల్లు చెప్పేది ఎంత కొన్నారో మాత్రమే. ఎంత వండారో చెప్పదు. నెల మొదటి రోజు ఉదయం స్టోర్ గదిలో ఉన్న సరుకును తూచి, కొన్న ధరకు విలువ కడితే ₹21,400 వచ్చింది. దాన్ని ప్రారంభ సరుకు అంటారు. నెల చివరి రాత్రి వంట ముగిశాక మళ్లీ తూచితే ₹33,000 విలువైన సరుకు మిగిలింది. అది ముగింపు సరుకు. ఆఖరి వారంలో ధర అనుకూలంగా ఉందని 26 కిలోల బియ్యం బస్తాలు పది తెచ్చి పెట్టడమే నిల్వ పెరగడానికి ప్రధాన కారణం. వాడిన సరుకు విలువ రాబట్టే సూత్రం ఇది:

```
వాడకం = ప్రారంభ సరుకు + కొనుగోళ్లు - ముగింపు సరుకు
      = 21,400 + 98,600 - 33,000
      = 87,000
```

ఈ ₹87,000ను 3,120తో భాగిస్తే ప్లేటుకు ₹27.88. బిల్లును నేరుగా భాగిస్తే వచ్చిన అంకెకూ, నిల్వను లెక్కలోకి తీసుకుంటే వచ్చిన అంకెకూ తేడా ₹3.72. చూడడానికి చిన్న అంకె అయినా, ఈ హోటల్‌కు ప్లేటు మీద చివరకు మిగిలేది పది రూపాయలేనని తర్వాత తేలుతుంది కాబట్టి, నిల్వ తూచడం మానేయడం వల్ల మూడోవంతుకు పైగా లాభం కాగితం మీద మాయమవుతుంది. మరుసటి నెల ఆ పది బస్తాల బియ్యం వండేటప్పుడు కొనుగోలు బిల్లు లేక అంతే లాభం లేనిపోనిదిగా పుట్టుకొస్తుంది. ఒక నెల భయంతోనూ మరో నెల అత్యాశతోనూ యజమానులు ధరలు మార్చడం, వంటవాళ్లను మార్చడం వంటి నిర్ణయాలు తీసుకునేది ఈ అబద్ధపు అంకెలను చూసే.

కిరాణా దుకాణంలో అరువు ఖాతా ఉన్నప్పుడు ఇదే పొరపాటు మరో రూపంలో వస్తుంది. గత నెల సరుకుకు ఈ నెల పదో తారీఖున డబ్బు కట్టినా అది ఈ నెల ఖర్చు కాదు. డబ్బు ఎప్పుడు కట్టారన్నదానితో సంబంధం లేకుండా, సరుకు ఏ నెలలో వండారో ఆ నెల ఖాతాలోనే ఖర్చు రాయాలి. చెల్లింపుల చిట్టా, వాడకం చిట్టా వేర్వేరు పుస్తకాలుగా ఉంచితే గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

కూరగాయల సంగతి దీనికి భిన్నం. రైతు బజార్‌లోగాని, తెల్లవారుజామున టోకు మార్కెట్‌లోగాని కొన్న కూరగాయలకు ముద్రించిన బిల్లు రాదు. వచ్చినా చీటీ మీద మొత్తం మాత్రమే రాసి ఉంటుంది. అందువల్ల కొనుక్కొచ్చిన వ్యక్తి రాగానే రకం, తూకం, ధర మూడూ ఒక పుస్తకంలో ఎక్కించాలి. మొత్తం ఒక్కటే రాస్తే ఖర్చు పెరిగినప్పుడు ధర పెరిగినందువల్ల పెరిగిందా, ఎక్కువ కొన్నందువల్ల పెరిగిందా అన్నది ఎప్పటికీ తేలదు. వంటగదికి వచ్చిన తూకాన్ని హోటల్ కాటా మీద మరోసారి చూడడం కూడా ఈ పనిలో భాగమే. ఆకుకూరలు, టమాటాలు ఒకటి రెండు రోజుల్లో వాడేస్తారు కాబట్టి వాటికి నిల్వ కట్టనక్కరలేదు. ఉల్లి, బంగాళాదుంప బస్తాలకు మాత్రం కిరాణా సరుకులాగానే నిల్వ కట్టాలి. ఉదాహరణ హోటల్‌లో కూరగాయలకు రోజుకు సగటున ₹1,560, నెలకు ₹40,560 అయింది. ప్లేటుకు సరిగ్గా ₹13. పెరుగు, మజ్జిగ కోసం పాలవాడికి ఇచ్చింది నెలకు ₹15,600, ప్లేటుకు ₹5.

కూరగాయల్లో తెలుసుకోవలసిన మరో విషయం, కొన్న కిలోకూ వండే కిలోకూ ఉన్న తేడా. పది కిలోల బీరకాయలు ఈనెలు, చెక్కు తీసి తరిగాక ఏడున్నర కిలోలే మిగిలాయనుకుంటే, కిలో ₹40కి కొన్న బీరకాయ గిన్నెలోకి వెళ్లేసరికి కిలో ₹53 పైన పడినట్టు. అదే ధరకు వచ్చే గుమ్మడికాయకు గాని, కాలీఫ్లవర్‌కు గాని ఈ నష్టం వేరుగా ఉంటుంది. ఈ అంకెను పుస్తకాల నుంచి తీసుకోవడం కంటే, ఆ హోటల్ వంటమనిషి కోసే తీరులో ఒక్కో కూరగాయను రెండు మూడుసార్లు తూచి రాసుకోవడం నయం. ఎందుకంటే బీర తొక్కును పచ్చడికి వాడే వంటగదిలో నష్టం ఒకలా, పారేసే వంటగదిలో మరోలా ఉంటుంది. మార్కెట్‌లో చౌకగా కనిపించిన కూర ప్లేటులో చౌకగా ఉంటుందో లేదో ఈ తూకంతోనే తెలుస్తుంది.

గ్యాస్‌ను చాలామంది సిలిండర్ల లెక్కన చూస్తారు: ఈ నెల పది సిలిండర్లు వచ్చాయి, ఒక్కోటి ₹1,900, మొత్తం ₹19,000 అని. కిరాణాలో జరిగిన పొరపాటే ఇక్కడా జరుగుతుంది, ఎందుకంటే నెల ముగిసేసరికి ఒక నిండు సిలిండర్, మరో సగం సిలిండర్ వంటగదిలో ఉండవచ్చు. సిలిండర్ మీద ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. సిలిండర్‌ను కాటా మీద పెట్టి, వచ్చిన బరువులో నుంచి ఖాళీ బరువును తీసివేస్తే లోపల మిగిలిన గ్యాస్ కిలోల్లో తెలుస్తుంది. ఈ హోటల్‌లో నెల మొదట 14 కిలోల గ్యాస్ ఉంది, పది సిలిండర్లతో 190 కిలోలు వచ్చింది, చివర 32.4 కిలోలు మిగిలింది. అంటే వాడింది 171.6 కిలోలు. కిలో ₹100 చొప్పున ₹17,160, ప్లేటుకు ₹5.50, ప్లేటుకు పడిన గ్యాస్ 55 గ్రాములు. కమర్షియల్ సిలిండర్ ధరను చమురు సంస్థలు సాధారణంగా నెలనెలా సవరిస్తుంటాయి కాబట్టి ఈ రూపాయల అంకె ప్రతినెలా మారుతుంది. 55 గ్రాములన్నది మాత్రం వంటగది పనితీరును చూపే అంకె. ధర పెరిగి గ్యాస్ ఖర్చు పెరిగితే చేయగలిగింది తక్కువ. ధర మారకుండా 55 గ్రాములు 65 అయితే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయా, ట్యూబ్ ఎక్కడైనా లీకవుతోందా, మూత పెట్టకుండా పప్పు ఉడికిస్తున్నారా అని వెదకాలి.

సిలిండర్ తూకం మరో నష్టాన్ని కూడా బయటపెడుతుంది. ఒకే సిలిండర్ నుంచి రెండు మూడు పెద్ద పొయ్యిలకు గ్యాస్ వేగంగా లాగినప్పుడు లోపలి ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడి అందక సిలిండర్ చల్లబడుతుంది, బయట చెమట పడుతుంది, ఒత్తిడి తగ్గి మంట చిన్నదవుతుంది. అన్నం ఎసరు మీద ఉన్నప్పుడు వంటమనిషి ఆగలేక ఆ సిలిండర్ అయిపోయిందని పక్కన పెట్టి కొత్తది బిగిస్తాడు. అలా పక్కన పెట్టిన సిలిండర్లో కిలో రెండు కిలోలు మిగిలి ఉండగానే ఏజెన్సీకి తిరిగి వెళ్లిపోతే, నెలలో పది సిలిండర్ల మీద అది చిన్న నష్టమేమీ కాదు. ఖాళీ సిలిండర్లను పంపేముందు తూచి రాసే అలవాటు ఉన్నచోట ఇది మొదటి వారంలోనే తెలిసిపోతుంది. రెండు సిలిండర్లను ఒకే గొట్టానికి కలిపే మానిఫోల్డ్‌ను నిపుణులతో బిగించుకుంటే, ఒక్కో సిలిండర్ మీద భారం తగ్గి సమస్య చాలావరకు తీరుతుంది. ఉదయం టిఫిన్లు కూడా వేసే హోటల్ అయితే టిఫిన్ పొయ్యి వెలిగించే ముందు ఒకసారి, ఆర్పిన తరువాత ఒకసారి సిలిండర్ తూచాలి. వారం రోజులు అలా చేస్తే ఇడ్లీ, దోసెల వంతు ఎంతో, భోజనాల వంతు ఎంతో అంచనా కాకుండా కొలతగా దొరుకుతుంది.

ఇప్పటికి కిరాణా ₹27.88, కూరగాయలు ₹13, పెరుగు ₹5, గ్యాస్ ₹5.50 కలిపి ఒక్క ప్లేటుకు ₹51.38 అయింది. ప్లేట్ల సంఖ్యతోపాటు పెరిగే తగ్గే ఈ ఖర్చును చర వ్యయం అంటారు. పార్సిల్‌కు డబ్బాలు, సంచి కలిపి మరో ₹9 పడుతుంది. పార్సిల్ మీద అదనంగా తీసుకునే ₹10లో పన్ను పోగా మిగిలేది సుమారు ₹9.50 కాబట్టి, పార్సిల్‌లో ఎక్కువ మిగులుతుందన్న నమ్మకానికి ఆ పది రూపాయలు ఆధారం కావు. అన్నం కొలత ప్రకారం కట్టడం వల్ల ఏమైనా మిగిలితే అదే పార్సిల్ లాభం. నెలకు చర వ్యయం పార్సిల్ డబ్బాలతో కలిపి ₹1,65,000. నికర అమ్మకం ₹3,02,100లో నుంచి దాన్ని తీసివేస్తే మిగిలే ₹1,37,100ను కాంట్రిబ్యూషన్ అంటారు, అంటే అద్దె, జీతాలు కట్టడానికీ ఆపైన లాభానికీ ప్లేట్లు సమకూర్చిన మొత్తం. ప్లేటుకు అది ₹43.94.

ఒక ప్లేటు కూడా అమ్మకపోయినా కట్టవలసిన ఖర్చును స్థిర వ్యయం అంటారు. ఈ హోటల్‌కు అద్దె ₹25,000, ఐదుగురు సిబ్బంది జీతాలు ₹66,000, కరెంటు, నీళ్లు, సబ్బులు, మరమ్మతులు అన్నీ కలిపి ₹15,000, మొత్తం ₹1,06,000. కాంట్రిబ్యూషన్‌లో నుంచి ఇది పోతే ₹31,100 మిగులుతుంది, ప్లేటుకు దాదాపు ₹10, నికర అమ్మకం మీద పది శాతం పైచిలుకు. స్థిర వ్యయాన్ని ₹43.94తో భాగిస్తే 2,412 ప్లేట్లు, అంటే రోజుకు 93. తొలి 93 ప్లేట్లు అద్దెకూ జీతాలకూ సరిపోతాయి. లాభమంతా ఆ తరువాత వెళ్లే 27 ప్లేట్లదే. లాభమూ నష్టమూ లేని ఈ స్థాయిని బ్రేక్ ఈవెన్ అంటారు. పొద్దున మార్కెట్ నుంచి రాత్రి గల్లా దాకా యజమాని స్వయంగా చేసే పనికి ఇందులో జీతం రాయలేదన్న సంగతి అకౌంటెంట్ తప్పక చెప్పాలి; అదే పనికి మరొకరిని పెడితే నెలకు ₹20,000 ఇవ్వవలసి వస్తుందనుకుంటే, వ్యాపారం సంపాదించింది ₹11,100 మాత్రమే. ఈ మాట చెప్పడం ఇబ్బందికరమే గాని, రెండో శాఖ తెరవాలని ఆలోచించే యజమానికి ఇంతకంటే ముఖ్యమైన అంకె లేదు, ఎందుకంటే రెండో చోట ఆ జీతం నిజంగానే ఇవ్వవలసి వస్తుంది.

వచ్చిన ₹51.38 జరిగిన ఖర్చు. అది జరగవలసిన ఖర్చేనా అన్నది మరో లెక్క. ఇందుకోసం ఒక్కో వంటకానికి ప్లేటుకు పడే సరుకుల కొలతను ముందుగా రాసి పెట్టుకుంటారు. దాన్ని స్టాండర్డ్ రెసిపీ అంటారు. ఫుల్ మీల్స్‌లో అన్నానికి పరిమితి లేదు గనుక ఒక్కొక్కరు తినేది తేడాగా ఉన్నా, వారం రోజుల సగటు పెద్దగా మారదు. ఈ హోటల్‌లో ఆ సగటు ప్లేటుకు 200 గ్రాముల బియ్యం అనుకుంటే 3,120 ప్లేట్లకు 624 కిలోలు కావాలి. నిల్వ లెక్క ప్రకారం వాడింది 690 కిలోలు. కిలో ₹52 చొప్పున 66 కిలోల తేడా అంటే ₹3,432. దీన్ని చూడగానే దొంగతనమని అనుమానించడం అనుభవం లేనివారు చేసే పని. ఐదుగురు సిబ్బంది రోజుకు రెండు పూటలా హోటల్‌లోనే తింటారు. 26 రోజులకు 260 భోజనాలు, అంటే 52 కిలోల బియ్యం. మిగిలిన 14 కిలోలు మిగిలిపోయిన అన్నం, అడుగంటిన అన్నం, బస్తాలో తూకం తేడా వీటిలో వెదకవలసినవి. 690 కిలోల మీద అది రెండు శాతం. కొందరు సిబ్బంది భోజనాన్ని జీతాల ఖాతాకు మార్చి ప్లేటు ఖర్చును తగ్గించి చూపుతారు, కొందరు ప్లేటు మీదే ఉంచుతారు. రెండూ సరైనవే గాని ఒక నెల ఒకలా, మరో నెల మరోలా చేస్తే నెలల మధ్య పోలిక పనికిరాదు.

మరో తేడా వండిన ప్లేట్లకూ అమ్మిన ప్లేట్లకూ మధ్య పుడుతుంది. 120 మందికి సరిపడా వండిన రోజున వాన వల్ల 90 మందే వస్తే, వంటకు అయిన సుమారు ₹6,166ను 90తో భాగించాలి. ప్లేటు ఖర్చు ₹51 నుంచి ₹68.50కు చేరుతుంది. నెల సగటు ఈ రోజును దాచేస్తుంది కాబట్టి రోజువారీ పుస్తకంలో ఎన్ని ప్లేట్లకు వండారు, ఎన్ని వెళ్లాయి, రాత్రి ఏం మిగిలింది అన్న మూడు గడులు విడిగా ఉండాలి. సాంబారు, పప్పు ఒకేసారి చేసినా అన్నాన్ని వాయిలుగా వండి, చివరి వాయిని జనం రాకను బట్టి పెట్టించే హోటళ్లలో ఈ తేడా తక్కువగా ఉంటుంది.

ధరల ఒడుదొడుకులు ఈ మార్జిన్‌ను ఎలా తినేస్తాయో టమాటా ఉదాహరణతో స్పష్టమవుతుంది. మదనపల్లె పెద్ద టమాటా మార్కెట్. 2023 జులైలో దేశమంతటా ధర ఎగబాకినప్పుడు అక్కడ కూడా కిలో ₹100 దాటింది. ఈ హోటల్ రోజుకు 5 కిలోల టమాటాలు వాడుతుందనుకుంటే, కిలో ₹25 నుంచి ₹120 అయిన రోజున అదనపు ఖర్చు ₹475, ప్లేటుకు దాదాపు ₹4. పది రూపాయల లాభంలో నాలుగు రూపాయలు ఒక్క కూరగాయతోనే పోతాయి. రసం, పప్పు చింతపండు పులుపు మీదకు మార్చి, టమాటా పచ్చడి బదులు దోసకాయ పచ్చడి పెట్టే హోటల్‌కు ఆ నష్టం తగ్గుతుంది. ఏ రోజు ఆ మార్పు చేయాలో చెప్పగలిగేది రకం, తూకం, ధర విడివిడిగా రాసిన ఆ కూరగాయల పుస్తకమే.

ఇంటర్వ్యూకు వెళ్లే అభ్యర్థి తెలిసిన హోటల్ ఒకదాని యజమానిని ఒప్పించి, ఒక నెల రెండుసార్లు నిల్వ తూచి, ఈ లెక్కను ఒక్క షీటులో పెట్టి తీసుకెళ్లగలిగితే, అడిగే ప్రశ్నలకు సొంత అంకెలతో జవాబు చెప్పగలడు. అందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కరలేదు. ఏ సరుకుకైనా ప్రారంభ విలువ, కొనుగోలు, ముగింపు విలువ, అమ్మిన ప్లేట్లు వరుసగా B2 నుంచి E2 దాకా నాలుగు గడుల్లో ఉంటే ప్లేటు ఖర్చుకు ఈ సూత్రం చాలు:

```
=(B2+C2-D2)/E2
```

షీటు సిద్ధమయ్యాక యజమాని సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ధర ఐదు రూపాయలు పెంచవచ్చా అన్నది. ₹5 పెంచితే పన్ను పోగా ప్లేటుకు ₹4.76 అదనంగా చేతికి వస్తుంది, కాంట్రిబ్యూషన్ ₹43.94 నుంచి ₹48.70కు చేరుతుంది. ఇప్పుడున్న ₹1,37,100 రావడానికి అప్పుడు 2,815 ప్లేట్లు సరిపోతాయి, అంటే నెలకు 305 ప్లేట్లు, రోజుకు దాదాపు పన్నెండు తక్కువ అమ్మినా హోటల్ ఇప్పటికంటే నష్టపోదు. ఐదు రూపాయలకు రోజూ వచ్చే 120 మందిలో పన్నెండు మంది వెళ్లిపోతారా, పక్క వీధి హోటల్‌లో ధర ఎంత ఉంది అన్నది గల్లా దగ్గర కూర్చునే యజమానికే బాగా తెలుస్తుంది. ఆ పన్నెండు అన్న అంకెను ఆయన ముందు పెట్టడం వరకు అకౌంటెంట్ పని.